తారాబలం – నవతారల గణన, పర్యాయ భేదం: ఇంద్రకీలాద్రి మూలా నక్షత్ర దినం ఆధారంగా పరిశీలన

వ్యాససంగ్రహం:

జన్మ నక్షత్రం నుంచి దిన నక్షత్రం వరకు లెక్కించి ఆ రోజు అనుకూలమో ప్రతికూలమో నిర్ణయించే పద్ధతికి తారాబలం అని పేరు. ఈ లెక్కను చాలామంది తొమ్మిదితో భాగించగా వచ్చిన శేషం దగ్గరే ఆపివేస్తారు. శేషం ఏడు వస్తే "నైధన తార" అన్న మాట వినగానే శుభకార్యం మానుకుంటారు. శాస్త్ర సంప్రదాయం మాత్రం ఆ శేషం ఎన్నవ పర్యాయంలో వచ్చిందో, ఏ పాదంలో ఉందో, చంద్రబలం ఎలా ఉందో కూడా చూడమంటుంది. విజయవాడ ఇంద్రకీలాద్రిపై దసరా ఉత్సవాలలో వచ్చే మూలా నక్షత్ర దినాన్ని ఉదాహరణగా తీసుకొని, ఒకే శేషం వచ్చే ముగ్గురు శిశువుల విషయంలో నిర్ణయం ఎలా మారుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: తారాబలం, నవతారలు, పర్యాయం, నైధన తార, చంద్రబలం, మూలా నక్షత్రం, అక్షరాభ్యాసం, ఇంద్రకీలాద్రి.

1. ఉపోద్ఘాతం

విజయవాడలోని శ్రీ దుర్గామల్లేశ్వరస్వామి దేవస్థానంలో శరన్నవరాత్రుల సందర్భంగా అమ్మవారికి రోజుకొక అలంకారం చేస్తారు. మూలా నక్షత్రం ఉన్న రోజున అమ్మవారు సరస్వతీదేవిగా దర్శనమిస్తుంది. ఆనాడు రాష్ట్ర ప్రభుత్వం పక్షాన ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు సమర్పించడం ఆనవాయితీ. కృష్ణా డెల్టా గ్రామాల నుంచి విద్యార్థులు, పసిపిల్లల తల్లిదండ్రులు అధిక సంఖ్యలో వచ్చేది ఈ రోజునే. చదువుల తల్లి దినం కనుక పిల్లలకు అక్షరాభ్యాసం కూడా ఈ రోజునే చేయించాలని అనేక కుటుంబాలు కోరుకుంటాయి.

ఇక్కడొక చిక్కు ఎదురవుతుంది. మూలా నక్షత్రం ఊరందరికీ ఒకటే. తారాబలం మాత్రం మనిషి మనిషికీ వేరు. ఊరికి పండుగైన రోజు ఒక శిశువు జన్మ నక్షత్రానికి నైధన తార కావచ్చు. "నిధనం" అంటే మరణం అనే అర్థం ఉండటంతో ఆ మాట తల్లిదండ్రులను కలవరపెడుతుంది. ఈ స్థితిలో లెక్క ఏం చెబుతుందో, ఎక్కడి వరకు చెబుతుందో తెలుసుకోవడం అవసరం.

2. లెక్కించే విధానం

అశ్విని మొదలు రేవతి వరకు నక్షత్రాలు ఇరవై ఏడు. తారాబల గణనలో అభిజిత్తును చేర్చరు. జన్మ నక్షత్రాన్ని ఒకటిగా గ్రహించి దిన నక్షత్రం వరకు లెక్కించి, వచ్చిన సంఖ్య తొమ్మిదికి మించితే తొమ్మిదితో భాగించి శేషాన్ని తీసుకోవాలి. శేషం సున్నా అయితే తొమ్మిదిగా భావించాలి. ఆ తొమ్మిదింటికి వరుసగా జన్మ, సంపత్, విపత్, క్షేమ, ప్రత్యక్, సాధన, నైధన, మిత్ర, పరమమిత్ర తారలని పేర్లు. వీటిలో 2, 4, 6, 8, 9 శుభతారలు. 3, 5, 7 అశుభతారలు. మొదటిదైన జన్మతార విషయంలో కార్యాన్ని బట్టి అభిప్రాయభేదాలు ఉన్నాయి. కొన్ని కార్యాలకు దానిని విడిచిపెడతారు, కొన్నింటికి అంగీకరిస్తారు.

వేళ్లపై లెక్కించడం కష్టమనిపిస్తే క్రమసంఖ్యలతో సులభంగా సాధించవచ్చు. దిన నక్షత్ర సంఖ్య నుంచి జన్మ నక్షత్ర సంఖ్యను తీసివేసి ఒకటి కలపాలి. దిన నక్షత్ర సంఖ్య చిన్నదైతే ముందుగా దానికి ఇరవై ఏడు కలుపుకోవాలి. హస్త పదమూడవ నక్షత్రం, మూల పంతొమ్మిదవది. 19 నుంచి 13 తీసివేసి 1 కలిపితే 7. అంటే హస్తలో పుట్టినవారికి మూల నైధన తార.

ఈ లెక్కలో ఒక నిర్మాణ విశేషం ఉంది. ఇరవై ఏడు నక్షత్రాలు మూడు తొమ్మిదులు కనుక, ఏ రోజునైనా ఒకే తార మూడు జన్మ నక్షత్రాలవారికి వర్తిస్తుంది. ఆ లెక్కన ప్రతిరోజూ పదిహేను నక్షత్రాలవారికి శుభతార, తొమ్మిది నక్షత్రాలవారికి అశుభతార, మూడు నక్షత్రాలవారికి జన్మతార ఉంటాయి. అందరికీ మంచి తార అయ్యే రోజు గానీ, అందరికీ చెడు తార అయ్యే రోజు గానీ ఈ పద్ధతిలో అసలు ఉండదు. సామూహికమైన పండుగ దినాన్ని తారాబలంతో నిర్ణయించడం సాధ్యం కాకపోవడానికి కారణం ఇదే.

3. పర్యాయ భేదం

తొమ్మిదేసి నక్షత్రాల మూడు వరుసలను పర్యాయాలు లేదా నవకాలు అంటారు. ఒకటి నుంచి తొమ్మిది వరకు మొదటి పర్యాయం, పది నుంచి పద్దెనిమిది వరకు రెండవది, పంతొమ్మిది నుంచి ఇరవై ఏడు వరకు మూడవది. జన్మ నక్షత్రం నుంచి పదవ నక్షత్రాన్ని అనుజన్మ అనీ, పంతొమ్మిదవ దానిని త్రిజన్మ అనీ వ్యవహరిస్తారు.

తెలుగు పంచాంగ సంప్రదాయంలో వ్యాప్తిలో ఉన్న నియమం ప్రకారం మొదటి పర్యాయంలోని విపత్, ప్రత్యక్, నైధన తారలను పూర్తిగా విడిచిపెట్టాలి. రెండవ పర్యాయంలో విపత్తార మొదటి పాదాన్నీ, ప్రత్యక్ తార నాలుగవ పాదాన్నీ, నైధన తార మూడవ పాదాన్నీ మాత్రమే వదలాలి. మూడవ పర్యాయంలో ఈ మూడింటికీ దోషం చెప్పరు. విడువదగిన భాగాన్ని పాదాలతో కాక ఘడియలతో చెప్పే పాఠాలు కూడా ఉన్నాయి. పాఠం ఏదైనా, జన్మ నక్షత్రం నుంచి దూరం పెరిగేకొద్దీ దోషం తగ్గుతుందన్న సూత్రం ఒక్కటే.

కాబట్టి శేషాన్ని మాత్రమే గుర్తుంచుకొని భాగఫలాన్ని మరచిపోతే సగం లెక్క చేసినట్లే. 7, 16, 25 మూడింటికీ శేషం ఏడే. అయినా సంప్రదాయం ఈ మూడింటికీ మూడు వేర్వేరు తీర్పులు ఇస్తుంది.

4. ఉదాహరణ: 2024 అక్టోబరు 9

2024లో ఇంద్రకీలాద్రిపై సరస్వతీదేవి అలంకారం అక్టోబరు 9, బుధవారం నాడు జరిగింది. దృగ్గణితం ప్రకారం ఆ రోజు తెల్లవారుజామున నాలుగు గంటలు దాటిన కొద్దిసేపటికి మూల ప్రవేశించి, మర్నాడు తెల్లవారుజామున ఐదుంబావు ప్రాంతంలో ముగిసింది. అంటే సూర్యోదయానికి ముందే మొదలై పగలంతా, రాత్రంతా మూలయే ఉంది. నక్షత్రం మొత్తం ఇరవై ఐదు గంటలకు పైగా ఉన్నందున ఒక్కొక్క పాదం ఆరుంబావు గంటలకు కొద్దిగా మించింది.

ఆ రోజు మూల ఎవరెవరికి నైధన తార అవుతుంది? వెనుకకు లెక్కిస్తే హస్త, రోహిణి, శ్రవణం అనే మూడు నక్షత్రాలు వస్తాయి. ఈ మూడింటిలో పుట్టిన ముగ్గురు శిశువులకు ఆ రోజే అక్షరాభ్యాసం చేయించాలని ముగ్గురు తల్లిదండ్రులు అనుకున్నారని ఊహిద్దాం.

హస్తలో పుట్టిన శిశువుకు లెక్క 7. ఇది మొదటి పర్యాయం. నియమం ప్రకారం ఆ రోజంతా విడువదగినదే.

రోహిణి నాలుగవ నక్షత్రం. 19 నుంచి 4 తీసివేసి 1 కలిపితే 16. ఇది రెండవ పర్యాయం. ఇక్కడ మూడవ పాదం మాత్రమే దోషం. పాదాల కాలాన్ని లెక్కిస్తే ఆ మూడవ పాదం సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాల ప్రాంతంలో మొదలై రాత్రి పదకొండు గంటల ప్రాంతం వరకు ఉంది. ఉదయం పూట జరిగే అక్షరాభ్యాసానికి ఈ దోషం తగలదు.

శ్రవణం ఇరవై రెండవ నక్షత్రం. 19కి 27 కలిపి, 22 తీసివేసి, 1 కలిపితే 25. ఇది మూడవ పర్యాయం కనుక తారాదోషం లేదు.

అంతకు ముందు సంవత్సరంతో పోలిస్తే పాద గణన ప్రాధాన్యం మరింత స్పష్టమవుతుంది. 2023లో మూల అక్టోబరు 19 రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో మొదలై 20వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర దాటాక ముగిసింది. అలంకారం 20వ తేదీన జరిగింది. ఆ ఏడాది మూడవ పాదం ఉదయం తొమ్మిదికి కొంచెం ముందు మొదలై మధ్యాహ్నం రెండున్నర దాటే వరకు నడిచింది. రోహిణీ జాతకుడైన శిశువుకు 2024లో అడ్డురాని దోషం 2023లో సరిగ్గా అక్షరాభ్యాసం చేసే వేళకే వచ్చింది. పండుగా, నక్షత్రమూ, పర్యాయమూ మారలేదు; మారింది నక్షత్ర ప్రవేశ కాలం మాత్రమే.

5. చంద్రబలంతో సమన్వయం

తారాబలం ఒంటరిగా తీర్పు చెప్పదు. జన్మరాశి నుంచి ఆనాటి చంద్రుడు ఎన్నవ రాశిలో ఉన్నాడో చూసేది చంద్రబలం. 1, 3, 6, 7, 10, 11 స్థానాలు శుభమనీ, శుక్లపక్షంలో 2, 5, 9 కూడా అంగీకార్యమనీ, 4, 8, 12 ప్రతికూలమనీ సామాన్య నియమం. శుక్లపక్షంలో చంద్రబలానికీ, కృష్ణపక్షంలో తారాబలానికీ ప్రాధాన్యం ఇవ్వాలన్నది మరొక నియమం. చంద్రుడు క్షీణించే పక్షంలో నక్షత్రమే ఆధారమవుతుందన్నది దీని వెనుక ఉన్న తర్కం.

శరన్నవరాత్రులు ఆశ్వయుజ శుక్లపక్షంలో వస్తాయి. కనుక పై ముగ్గురి విషయంలోనూ చంద్రబలాన్నే ముందుగా చూడాలి. మూల పూర్తిగా ధనూరాశిలో ఉంది. హస్త కన్యారాశిలోది, కన్య నుంచి ధనుస్సు నాలుగవది. రోహిణి వృషభరాశిలోది, వృషభం నుంచి ధనుస్సు ఎనిమిదవది. శ్రవణం మకరరాశిలోది, మకరం నుంచి ధనుస్సు పన్నెండవది. ముగ్గురికీ చంద్రబలం లేదు. పర్యాయ నియమం వల్ల ఊరట పొందిన రోహిణీ శిశువుకే అష్టమ చంద్రుడు రావడం గమనించదగినది.

ఇది యాదృచ్ఛికం కాదు. తొమ్మిది నక్షత్రాల దూరం అంటే 120 అంశలు, అంటే సరిగ్గా నాలుగు రాశులు. ఒకే తార వర్తించే మూడు జన్మ నక్షత్రాలు ఎప్పుడూ పరస్పరం త్రికోణంలో ఉంటాయి. అందువల్ల ఒకరికి చంద్రుడు నాలుగింట ఉంటే మిగిలిన ఇద్దరికీ ఎనిమిదింట, పన్నెండింట ఉండక తప్పదు. వింశోత్తరి దశా పద్ధతిలో ఈ మూడు నక్షత్రాలకూ చంద్రుడే దశానాథుడు కావడానికి కూడా ఈ తొమ్మిది నక్షత్రాల ఆవృత్తే మూలం.

6. ప్రత్యామ్నాయ దినం

ముహూర్త పద్ధతి ఒక రోజును కాదన్నప్పుడు సాధారణంగా దగ్గరలోని మరో రోజును చూపుతుంది. అక్టోబరు 10న పూర్వాషాఢ. ముగ్గురికీ మిత్రతార. అయితే చంద్రుడు ఇంకా ధనుస్సులోనే ఉన్నందున చంద్రబలం మెరుగుపడలేదు. అక్టోబరు 11న ఉత్తరాషాఢ. ముగ్గురికీ పరమమిత్ర తార. దాని మొదటి పాదం ముగిసి, మధ్యాహ్నానికి కాస్త ముందు చంద్రుడు మకరంలోకి ప్రవేశించగానే కన్యకు అయిదవ చంద్రుడు, వృషభానికి తొమ్మిదవ చంద్రుడు, మకరానికి జన్మ చంద్రుడు అయ్యాడు. శుక్లపక్షం కనుక మూడూ అంగీకార్యాలే. తారాబలం, చంద్రబలం రెండూ కుదిరాయి. కానీ అప్పటికి అష్టమి ముగింపు దశలో ఉంది, తరువాత వచ్చినది నవమి. అష్టమి అనధ్యయన తిథి, నవమి రిక్త తిథి. విద్యారంభానికి ఈ రెండింటినీ పరిహరిస్తారు.

అక్టోబరు 12న శ్రవణం పగలంతా ఉంది. ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో నవమి ముగిసి దశమి వచ్చింది. అదే విజయదశమి. హస్తకు శ్రవణం పదవది, రోహిణికి పంతొమ్మిదవది, శ్రవణానికి మొదటిది, ముగ్గురికీ జన్మతార. చంద్రబలం అనుకూలం. విజయదశమిని స్వయంసిద్ధ ముహూర్తంగా భావించే సంప్రదాయం బలంగా ఉన్నందున, జన్మతార విషయంలో అభ్యంతరం లేని కుటుంబాలకు ఈ రోజు సరిపోతుంది. జన్మతారను కూడా వదలాలనుకునేవారు నవరాత్రుల వెలుపల వేరొక ముహూర్తం చూసుకోవాలి. ఒక్క తారను మాత్రమే చూసి ఉంటే 10వ తేదీయే చాలని అనిపించేది. అన్ని అంగాలనూ కలిపి చూసినప్పుడు నిర్ణయం 12వ తేదీకి చేరింది.

రోజును మార్చుకోవడం వీలుకానివారికి పంచాంగాలు దానాలను సూచిస్తాయి. జన్మతారకు శాకం, విపత్తారకు బెల్లం, ప్రత్యక్ తారకు ఉప్పు, నైధన తారకు బంగారంతో కూడిన నువ్వులు దానం చేయాలన్నది ప్రసిద్ధ క్రమం. నాలుగింటిలో అతి ఖరీదైనది నైధనానికి చెప్పడంలోనే దోష తారతమ్యం వ్యక్తమవుతుంది.

7. ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

మొదటి పొరపాటు జన్మ నక్షత్రాన్ని లెక్కలో కలపకపోవడం. హస్తను వదిలి చిత్త నుంచి ఒకటిగా లెక్కిస్తే మూల ఆరవది అవుతుంది. నైధన తార కాస్తా సాధన తారగా కనిపిస్తుంది. లెక్క సరైనదో కాదో తెలుసుకోవడానికి ఒక సులభ పరీక్ష ఉంది. జన్మ నక్షత్రమే దిన నక్షత్రమైనప్పుడు ఒకటి, అంటే జన్మతార రావాలి. రాకపోతే పద్ధతిలో తప్పున్నట్లే.

రెండవది, సూర్యోదయ నక్షత్రాన్ని రోజంతటికీ వర్తింపజేయడం. చంద్రుడు ఒక నక్షత్రాన్ని దాటడానికి సగటున 24 గంటల 17 నిమిషాలు పడుతుంది. చంద్రగతిని బట్టి ఇది సుమారు 21 నుంచి 27 గంటల మధ్య మారుతుంది. కాబట్టి నక్షత్రం రోజులో ఏ వేళకైనా మారవచ్చు. ముహూర్తానికి కావలసింది కార్యకాలంలో ఉన్న నక్షత్రం. నక్షత్రాంత కాలం భారతదేశమంతటా గడియారంలో ఒకటే అయినా, విదేశాలలోని తెలుగువారు దానిని తమ కాలమానానికి మార్చుకోవాలి. 2024లో ఇక్కడ బుధవారం తెల్లవారుజామున ప్రవేశించిన మూల న్యూజెర్సీలో మంగళవారం సాయంత్రమే ప్రవేశించింది.

మూడవది గణిత భేదం. పూర్వపద్ధతి పంచాంగాలకూ దృగ్గణిత పంచాంగాలకూ నక్షత్రాంత కాలంలో కొన్ని గంటల వరకు తేడా రావచ్చు. పర్యాయ నియమంలోని పాద విభాగం ఈ తేడాకు ఎక్కువగా లోనవుతుంది. జన్మ నక్షత్రాన్ని ఒక పద్ధతిలో, దిన నక్షత్రాన్ని మరొక పద్ధతిలో గ్రహిస్తే, శిశువు నక్షత్ర సంధిలో పుట్టినప్పుడు తారే మారిపోతుంది. రెండింటికీ ఒకే గణితాన్ని వాడాలి.

నాలుగవది, నామ నక్షత్రాన్నీ జన్మ నక్షత్రాన్నీ కలగలపడం. పేరు తొలి అక్షరాన్ని బట్టి నక్షత్రాన్ని గ్రహించే పద్ధతిలో ఓ, వా, వీ, వూ అక్షరాలు రోహిణికి చెందుతాయి. వాణి అని పేరు పెట్టినంత మాత్రాన ఆ శిశువు రోహిణిలో పుట్టినట్లు కాదు. గ్రామం, గృహం, వ్యవహారం మొదలైన వాటికి నామ నక్షత్రాన్నీ, వివాహాది మంగళకార్యాలకు జన్మ నక్షత్రాన్నీ చూడాలని సంప్రదాయం విభజించింది. అక్షరాభ్యాసం రెండవ వర్గానికి చెందుతుంది. జన్మకాలం తెలియనప్పుడు మాత్రమే నామ నక్షత్రం గతి.

8. తారాబలం పరిధి

తారాబలం కార్యదినాన్ని ఎంచుకునే స్వేచ్ఛ ఉన్నచోట మాత్రమే ప్రవర్తిస్తుంది. నిత్య నైమిత్తిక కర్మలకు కాలం ముందే విధించబడి ఉంటుంది. మూలలో సరస్వతీదేవిని ఆవాహన చేసి శ్రవణంలో ఉద్వాసన చెప్పడం అటువంటి విధి. ఆ పూజకు గానీ, అమ్మవారి దర్శనానికి గానీ భక్తుని జన్మ నక్షత్రంతో నిమిత్తం లేదు. హస్తలో పుట్టిన శిశువును మూల నాడు కొండకు తీసుకువెళ్లకూడదని తారాబల నియమం చెప్పదు. ఆ రోజు శిశువుకు వ్యక్తిగత సంస్కారాన్ని ఆరంభించవద్దని మాత్రమే చెబుతుంది. దర్శనం 9వ తేదీన, అక్షరాభ్యాసం 12వ తేదీన అన్న విభజన ఈ రెండు విధులనూ నిలబెడుతుంది.

"నైధన" అన్న పేరును ఆ రోజు శిశువుకు ఏదో జరుగుతుందన్న సూచనగా గ్రహించడం కూడా ఈ పద్ధతికి అన్యాయం చేయడమే. ప్రతి తొమ్మిది నక్షత్రాలకు ఒకసారి, అంటే ఏడాదికి సుమారు నలభై సార్లు ప్రతి మనిషికీ నైధన తార వస్తుంది. అది కార్యారంభానికి అనుకూలతను కొలిచే సాపేక్షమైన పేరు మాత్రమే. ఇక ఈ గణనలో ఖగోళ భాగం, ఫల భాగం వేర్వేరు. చంద్రుడు ఏ క్షణాన మూలలో ప్రవేశిస్తాడన్నది పరిశీలనతో సరిచూడదగిన విషయం. దానివల్ల కార్యం ఫలిస్తుందా లేదా అన్నది సంప్రదాయ విశ్వాసానికి సంబంధించినది, ప్రయోగంతో నిరూపితమైనది కాదు. పరిశోధకులు ఈ రెండు భాగాలనూ విడివిడిగా చూడాలి.

9. ముగింపు

తారాబలం శేషంతో మొదలయ్యే లెక్కే గాని శేషంతో ముగిసే లెక్క కాదు. 2024 మూలా నక్షత్ర దినాన హస్త, రోహిణి, శ్రవణ జాతకులైన ముగ్గురు శిశువులకూ శేషం ఏడే వచ్చింది. పర్యాయాన్ని బట్టి ఒకరికి రోజంతా, ఒకరికి ఒక పాదం మేరకు దోషం ఏర్పడగా, మూడవ శిశువుకు దోషమే లేదు. శుక్లపక్ష నియమం చంద్రబలాన్ని ముందుకు తెచ్చి ఆ ముగ్గురినీ మళ్లీ ఒకే స్థితిలో నిలిపింది. తిథి పరిశీలన ప్రత్యామ్నాయ దినాన్ని నిర్ణయించింది. కృష్ణా డెల్టాలో ఊరి పండుగకూ ఇంటి ముహూర్తానికీ మధ్య ఏర్పడే ఈ చిక్కును విడదీయడానికి అవసరమైన నియమాలు సంప్రదాయంలోనే ఉన్నాయి. వాటిని వరుసగా వర్తింపజేసినప్పుడు "నైధన" అన్న పేరు భయహేతువుగా కాక, దినాన్ని ఎంచుకోవడంలో ఒక మెట్టుగా మాత్రమే కనిపిస్తుంది.